జయించిన జనాల దేవుళ్లను ఇంకాలు ఏం చేశారు?

ప్రశ్న: "ఇంకా చక్రవర్తులు తాము సూర్యుడి సంతానమని చెప్పుకుని అందరిచేతా సూర్యుణ్ణి పూజింపజేశారని చదివాను. మరి ఓడిపోయిన జనాల దేవుళ్లు ఏమయ్యారు? వాళ్ల గుళ్లు కూలగొట్టారా? అంత పెద్ద రాజ్యం నిజంగా సూర్యుడి పేరుతోనే నిలిచిందా?"

కూలగొట్టలేదు. అరుదైన సందర్భాలను వదిలేస్తే, ఓడిన వారి దేవుళ్లను ఇంకాలు ఉన్నచోటే ఉంచారు. వాటికి భూములు ఇచ్చారు, సేవకులను ఇచ్చారు, కానుకలు పంపారు. కొన్నింటి విగ్రహాలను రాజధాని కుస్కోకు తీసుకుపోయి, ఒకేసారి అతిథులుగానూ బందీలుగానూ ఉంచారు. వాటన్నిటికీ పైన తమ సూర్యుణ్ణి, అంటే ఇంతిని, నిలిపారు. మీ చివరి ప్రశ్నకు కూడా ముందే జవాబు చెబుతాను: రాజ్యం కేవలం భక్తితో నిలవలేదు. సైన్యం, రహదారులు, ధాన్యపు కొట్లు లేకపోతే సూర్యుడి పేరు ఒక్కటే వారిని అంతదూరం తీసుకుపోయేది కాదు. అయితే సైన్యం చేయలేని ఒక పనిని మతం చేసింది. ఓడిన నాయకుడికి కొత్త ఏలుబడిలో ఒక గౌరవస్థానాన్నీ, కుస్కోకు ఆ నాయకుడి గుట్టు తెలుసుకునే దారినీ అది ఏర్పరచింది.

నేను చాలా ఏళ్లుగా ఆండీస్ ప్రాంతపు ప్రాచీన చరిత్ర బోధిస్తున్నాను. విద్యార్థులతో కలిసి స్పానిష్ కాలపు వృత్తాంతాలు చదవడం, ఆ స్థలాలకు వెళ్లి చూడడం నా వృత్తిలో భాగం. మీ ప్రశ్న తరగతిలో తరచూ వచ్చేదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు "వాకా" అంటే ఏమిటో తెలియాలి. ఆండీస్ జనం పవిత్రంగా భావించే దేనినైనా కెచువా భాషలో వాకా అంటారు. అది ఊటబావి కావచ్చు, బండరాయి కావచ్చు, మంచుకొండ కావచ్చు, ఎండబెట్టి భద్రపరచిన పూర్వీకుడి దేహం కావచ్చు. వాకా వారికి ఒక ప్రతీక కాదు, ఒక వ్యక్తి. అది తింటుంది, తాగుతుంది, పలుకుతుంది, అలుగుతుంది. దానికి పెళ్లాలూ పిల్లలూ ఉంటారు. ఒక వంశసమూహం, అంటే అయ్యు, తన నేల మీద, తన కాలువ నీటి మీద హక్కు అడిగేది ఆ వాకా పేరుతోనే. "ఈ ఊట మా మూలపురుషుడు పుట్టిన చోటు, కాబట్టి ఈ నీరు మాది" అన్నది వారి వాదం.

అలాంటి వాకాను పగలగొట్టడమంటే ఆ జనం భూమి దస్తావేజును చించేయడమే. అలా చేస్తే వారు పంట పండించరు, పన్నుగా శ్రమ చేయరు, తిరగబడతారు. ఇంకాలకు అది గిట్టుబాటు కాదు. కొలంబియా దక్షిణపు అంచు నుంచి చిలీ మధ్యభాగం దాకా సుమారు 4,000 కిలోమీటర్ల పొడవున వ్యాపించిన ఆ రాజ్యంలో దాదాపు కోటి మంది ఉండేవారని చాలామంది పండితుల అంచనా. వారిలో కుస్కో లోయకు చెందిన అసలు ఇంకాలు చాలా కొద్దిమంది. పైగా రాజ్యం అంత పెద్దదైన కాలం ఒక శతాబ్దం లోపే. పచకుటి అనే చక్రవర్తి పాలన 1438లో మొదలైందని సంప్రదాయంగా లెక్కిస్తారు, 1532 నవంబరులో చక్రవర్తి అతావల్పా స్పానిష్ వారికి చిక్కాడు. అంత తక్కువ వ్యవధిలో, అంత తక్కువ మందితో, కోటి మంది నమ్మకాలను తుడిచేయడం ఎవరి తరమూ కాదు. అందుకే వారు దేవుళ్లను మార్చే బదులు, దేవుళ్ల మధ్య హోదాలను మార్చారు.

దీన్ని ఒక స్థలం ద్వారా చెబితే బాగా అర్థమవుతుంది. లిమా నగరానికి దక్షిణాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, లురిన్ నది సముద్రంలో కలిసే చోట పచాకమాక్ ఉంది. అక్కడి దేవుడి పేరూ అదే. భూకంపాలు ఆయన చేతిలో ఉన్నాయని తీరప్రాంత జనం నమ్మేవారు. ఆయన పలికే దేవుడు. పూజారుల నోట జవాబులు చెప్పేవాడు. పంట గురించి, రోగం గురించి, యుద్ధం గురించి అడగడానికి దూరదూరాల నుంచి జనం వచ్చేవారు. అక్కడ 1938లో దొరికిన చెక్కిన కొయ్యస్తంభం ఒకటి ఈనాటికీ మ్యూజియంలో ఉంది. పరీక్షల్లో ఆ కొయ్య క్రీ.శ. ఎనిమిదో, తొమ్మిదో శతాబ్దాల నాటిదని తేలింది. అంటే ఇంకాలు అక్కడికి చేరేసరికే ఆ క్షేత్రానికి కొన్ని వందల ఏళ్ల పేరుంది.

సుమారు 1470 ప్రాంతంలో తోపా ఇంకా యుపాంకి అనే చక్రవర్తి కాలంలో ఆ లోయ కుస్కో చేతికి వచ్చింది. అప్పుడు వారు చేసిన పనులను వరుసగా చూడండి. పాత గుడిని అలాగే ఉంచారు, పూజారులూ కొనసాగారు. ఆ పక్కనే అన్నిటికంటే ఎత్తైన రాతిగుట్ట మీద, సముద్రం వైపు చూసేలా, మెట్లుమెట్లుగా ఒక పెద్ద సూర్యాలయం కట్టారు. దాని గోడలకు ఎర్రరంగు పూశారు. "ఎన్నుకున్న స్త్రీలు" అని పిలిచే అక్ల్యాలకు అక్కడొక నివాసం కట్టారు. ఈ స్త్రీలు సన్నని కుంబి వస్త్రాలు నేసేవారు, మొక్కజొన్నతో చిచా అనే పానీయం కాచేవారు. పండుగల్లో పంచేది ఆ చిచానే, నాయకులకు బహూకరించేది ఆ వస్త్రాలనే. సూర్యాలయపు ఒక అంతస్తులో 1896లో జర్మన్ పురాతత్వవేత్త మాక్స్ ఊలె తవ్వకాలు జరిపినప్పుడు, మెడకు బట్ట బిగించి చంపిన స్త్రీల సమాధులు బయటపడ్డాయి. కొత్త గుడి వైభవానికి ఎవరు మూల్యం చెల్లించారో ఆ సమాధులు చెబుతున్నాయి. రాజనీతి చాకచక్యం గురించి మాట్లాడుకునేటప్పుడు నేను వాటిని ఎప్పుడూ పక్కన పెట్టను.

ఇప్పుడు ఆ స్థలంలో నిలబడి చూస్తే విషయం మాటల అవసరం లేకుండానే తెలుస్తుంది. యాత్రికుడు పాత దేవుడి కోసమే వస్తాడు. కానీ అతని తలపైన, ఎత్తులో, సూర్యుడి గుడి కనిపిస్తుంది. పాత దేవుడికి మొక్కు చెల్లుతుంది, పెద్దరికం ఎవరిదో కూడా తెలిసిపోతుంది.

ఈ ఏర్పాటుకు ఒక కథ కూడా అల్లారు. 1563 ప్రాంతంలో సాంతియాన్ అనే స్పానిష్ న్యాయాధికారి దాన్ని నమోదు చేశాడు. తోపా ఇంకా తల్లి కడుపులో ఉండగానే, సృష్టికర్త తీరప్రాంతంలో ఉన్నాడని పలికాడట. పెద్దయ్యాక అక్కడికి వెళ్లి 40 రోజులు ఉపవాసం చేశాడట. అప్పుడు దేవుడు ప్రత్యక్షమై, తనకు నలుగురు కొడుకులున్నారని, ఒకరికి మాలా లోయలో, ఒకరికి చించాలో, ఒకరికి ఆండవాయ్లాస్‌లో ఆలయాలు కట్టించమని, నాలుగో వాణ్ణి నీ వెంట ఉంచుకొమ్మని కోరాడట. దండయాత్రను తీర్థయాత్రగా మార్చిన కథ ఇది. కానీ ఇందులో అసలు బేరం దాగి ఉంది. ఒక "కొడుకు" అంటే ఒక శాఖాలయం. శాఖాలయం అంటే దాని కింద మాన్యం, పనిచేసే మనుషులు, కానుకల రాబడి. మాలా, చించా తీరంలోనివే. ఆండవాయ్లాస్ మాత్రం కొండల మీద, కుస్కో వైపున ఉంది. ఇంకాలు వచ్చాక తీరప్రాంతపు దేవుడు వారి రహదారుల వెంట కొండల్లోకి విస్తరించాడు. అంటే పచాకమాక్ పూజారులకు లొంగిపోవడంలో లాభం కూడా కలిగింది. ఇంకాలకేమో, తీరమంతా చెవి ఒగ్గి వినే ఒక గొంతు దక్కింది.

ఆ లాభం ఎంతటిదో చూసిన సాక్షులున్నారు. 1533 ఆరంభంలో స్పానిష్ సేనాని ఎర్నాండో పిసారో బంగారం కోసం అక్కడికి వెళ్లాడు. అతని వెంట ఉన్న మిగెల్ దె ఎస్తెతె రాసినదాని ప్రకారం, కింది ప్రాంగణంలో అడుగుపెట్టాలంటే 20 రోజులు, పై ప్రాంగణంలోకి వెళ్లాలంటే ఏడాది ఉపవాసం చేయాలి. చివరికి లోపల వారికి కనిపించింది చీకటి గదిలో ఒక కొయ్య విగ్రహం. బంగారు దేవుణ్ణి ఊహించుకుని వెళ్లిన సైనికులకు అది అర్థం కాలేదు. దాన్ని పగలగొట్టి శిలువ నాటారు. అరవై ఏళ్లకు పైగా ఆ గుడిని తమ చేతుల్లో ఉంచుకున్న ఇంకాలు చేయని పనిని వీరు ఒక్కరోజులో చేశారు.

అన్నిచోట్లా ఇంత ఉదారంగా ఉన్నారనుకోకండి. టిటికాకా సరస్సులోని దీవిలో వారు నడచుకున్న తీరు దీనికి పూర్తిగా వేరు. ఆ దీవిలో ఒక పెద్ద బండ ఉంది, పేరు టిటికాలా. సూర్యుడు మొదట అక్కడే ఉదయించాడని ఇంకాలు చెప్పేవారు. నిజానికి వారికంటే కొన్ని శతాబ్దాల ముందే, తివనాకు అనే పాత నాగరికత కాలంలోనే ఆ చోటికి పవిత్రత ఉందని తవ్వకాలు చెబుతున్నాయి. అది పరాయివారి క్షేత్రం. కానీ సూర్యుడు పుట్టిన చోటు పరాయివారి చేతిలో ఉంటే సూర్యుడి కొడుకుల మాట ఏమవుతుంది? అందుకని దీవిలోని పాత నివాసులను ఒడ్డున ఉన్న యుంగుయోకు తరలించారు. వారి స్థానంలో రాజ్యం నలుమూలల నుంచి 42 జనసమూహాల వారిని తెచ్చి ఒడ్డునే ఉన్న కోపకబానా పరిసరాల్లో స్థిరపరిచారని, 17వ శతాబ్దంలో అక్కడే ఉన్న ఒక క్రైస్తవ సన్యాసి రాశాడు. యాత్రికుడు ముందు కోపకబానాలో ఆగి, చేసిన పాపాలు చెప్పుకుని, ఉప్పు, మాంసం, కారం మానేసి ఉపవాసం ఉండాలి. తర్వాత పడవలో దీవికి చేరి, ఒకదాని వెంట ఒకటిగా మూడు ద్వారాలు దాటాలి. ప్రతి ద్వారం దగ్గరా పూజారులు ప్రశ్నలు అడుగుతారు. ఇంత చేసినా సామాన్యుడికి ఆ బండ దగ్గరకు వెళ్లే అనుమతి లేదు. చివరి ద్వారం దగ్గర నిలబడి దూరం నుంచి చూడాలి, తెచ్చిన కానుక అక్కడున్న వారి చేతికివ్వాలి.

ఆ దీవిలో పురాతత్వవేత్తలు మరో విషయం గమనించారు. జూన్ అయనాంతం రోజున సూర్యుడు అస్తమించే చోటును సూచించే రెండు కట్టడాల ఆనవాళ్లు ఎదుటి గుట్ట మీద ఉన్నాయి. బండ పక్కన ప్రాంగణంలో నిలబడిన పెద్దలకు సూర్యుడు ఆ రెండింటి మధ్య దిగడం కనిపిస్తుంది. ప్రహరీకి బయట, కొంచెం దిగువన సామాన్యుల కోసం ఒక వేదిక ఉంది. అక్కడ నిలబడ్డవారికి సూర్యాస్తమయంతో పాటు, దానికి ఎదురుగా వరుసగా నిలబడ్డ ఇంకా ప్రముఖులు కూడా ఒకే చూపులో కనిపిస్తారు. "మేము సూర్యుడి పిల్లలం" అనే మాటను నోటితో చెప్పనక్కరలేకుండా కళ్ల ముందు నిలిపిన ఏర్పాటు అది. నేను చూసిన ఇంకా స్థలాల్లో ఇంతగా ఆలోచించి కట్టినది మరొకటి లేదు.

పచాకమాక్‌ను, టిటికాకాను పక్కపక్కన పెట్టి చూస్తే వారి పద్ధతి నాకు ఇలా కనిపిస్తుంది: వాకా తమ సొంత పుట్టుక కథకు ఎంత దగ్గరగా ఉంటే పట్టు అంత బిగించారు. దూరంగా ఉన్నదానితో బేరం చేసుకున్నారు.

కుస్కో సంగతి కొద్దిగా చెప్పాలి. నగరం నడిబొడ్డున కోరికాంచ, అంటే సూర్యుడి ప్రధానాలయం. బంగారు రేకులు తాపడం చేసిన దాని గోడల మీదే తర్వాత సాంతో దొమింగో మఠం కట్టారు. ఆ ఆలయం చుట్టుపక్కల నుంచి నాలుగు దిక్కులకూ 41 ఊహారేఖలు వెళ్లేవని, వాటి వెంట 328 వాకాలు ఉండేవని 17వ శతాబ్దపు జెస్యూట్ బెర్నబె కోబో ఒక పట్టిక ఇచ్చాడు. ఆ రేఖను సెకె అంటారు. ఏ సెకె మీది వాకాలకు ఏ వంశం పూజ చేయాలో నిర్ణయించి ఉండేది. వాటిలో ఎక్కువ భాగం ఊటలు, రాళ్లే. కాలువ నీటి పంపకం, పండుగల క్రమం, వంశాల హోదా అన్నీ ఆ రేఖల్లో ఇమిడిపోయాయి. ఈ వ్యవస్థ గురించి అంతర్జాలంలో గ్రహాల లెక్కలతో కూడిన ఊహలు బోలెడు కనిపిస్తాయి. వాటిని నమ్మే ముందు కోబో పట్టిక ఒకసారి చదవండి, అందులో ఆకాశం కంటే నీరే ఎక్కువ.

రాజకీయంగా అసలు పని జరిగింది మరోచోట. ప్రతి ముఖ్యమైన ప్రాంతం నుంచి దాని ప్రధాన వాకాను కుస్కోకు తెచ్చి ఉంచేవారు. దాన్ని సేవించడానికి ఆ ప్రాంతపు మనుషులే వెంట వచ్చేవారు, దాని ఖర్చుకు భూమి కేటాయించేవారు. స్థానిక నాయకుల కొడుకులను చదువు పేరుతో కుస్కోలో ఉంచినట్టే దేవుళ్లనూ ఉంచారు. ఆ ప్రాంతం తిరగబడితే విగ్రహాన్ని బయటకు తెచ్చి, జనమంతా చూస్తుండగా, వారు లొంగేదాకా ప్రతిరోజూ కొరడాతో కొట్టేవారట. వాకా ఒక వ్యక్తి అని ఇందాక చెప్పాను కదా, ఆ నమ్మకం లేకపోతే ఈ శిక్షకు అర్థమే ఉండదు. ఇంకాలు కూడా ఆ దేవుళ్లను నమ్మారు. నమ్మారు కాబట్టే బందీలుగా పట్టారు.

ఏడాదికోసారి పలికే దేవుళ్లందరినీ కుస్కో పెద్ద మైదానంలో కూర్చోబెట్టి రాబోయే ఏడాది గురించి అడిగేవారని 1550 ప్రాంతంలో సియెసా దె లెయోన్ అనే స్పానిష్ చరిత్రకారుడు నమోదు చేశాడు. పంట ఎలా ఉంటుంది, ఎక్కడ తిరుగుబాటు రావచ్చు, చక్రవర్తి ఆరోగ్యం ఎలా ఉంటుంది అన్నవి ప్రశ్నలు. చెప్పింది నిజమైన దేవుడికి మరుసటి ఏడు కానుకలు పెరిగేవి, తప్పినవాడికి కానుకలూ తగ్గేవి, పరువూ పోయేది. దీన్ని మూఢనమ్మకమని పక్కన పెట్టేస్తే చాలా పోగొట్టుకుంటాం. పూజారి తన ప్రాంతం నాడి తెలిసినవాడు. "మా వైపు అలజడి ఉంటుంది" అని దేవుడి నోట చెప్పిస్తే ఎవరి మీదా చాడీ చెప్పినట్టు కాదు. సమాచారం కుస్కోకు చేరుతుంది, చెప్పినవాడికి ప్రమాదం ఉండదు.

ఇదంతా నడవడానికి తిండి ఎక్కడిది? జయించిన ప్రతి ప్రాంతంలో భూమిని మూడు రకాలుగా విడదీసేవారు: దేవుళ్లది, చక్రవర్తిది, ఊరివారిది. మూడూ సమానం అని కొన్నిచోట్ల రాస్తారు, అది తప్పు, ప్రాంతాన్ని బట్టి మారేది. ఊరివారు ముందు సూర్యుడి, ఇతర దేవుళ్ల పొలం దున్నాలి, తర్వాత చక్రవర్తిది, ఆ తర్వాతే తమది. ఆ పని రోజుల్లో చిచా, భోజనం, పాట అన్నీ ప్రభుత్వానివే. పండిన ధాన్యం కొట్లలోకి వెళ్లేది. సొంత పొలంలో పండినదాని జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. పన్ను ధాన్యంగా కాకుండా శ్రమగా, అదీ దేవుడి పండుగ రూపంలో వసూలైంది.

స్థానిక నాయకులు ఇందులో ఎందుకు భాగమయ్యారన్నదానికి నేను తరగతిలో ఎప్పుడూ చెప్పే ఉదంతం తాంతా కర్వాది. చెప్పడం తేలిక కాదు. ఓక్రోస్ అనే కొండ ప్రాంతంలో కాకె పోమా అనే కురాకా, అంటే స్థానిక నాయకుడు, ఉండేవాడు. ఒక నీటికాలువ తవ్వించి పేరు తెచ్చుకున్నాడు. తన పదేళ్ల కూతురు తాంతా కర్వాను కాపాకోచాకు, అంటే రాజ్యం జరిపే మహాబలికి, సమర్పించాడు. ఆ పిల్లను కుస్కోకు తీసుకువెళ్లారు, చక్రవర్తి ఆదరించాడు, ఉత్సవాలు చేశారు. తర్వాత సొంత ప్రాంతానికి తిరిగి తెచ్చి, ఒక కొండ మీద లోతైన గుంటలో సజీవంగా పూడ్చారు. కుస్కోలో నాకు జరిగిన వేడుకలు చాలు, ఇక కానివ్వండి అని ఆమె అన్నదని కథ. బదులుగా తండ్రికి ఆ ప్రాంతపు నాయకత్వం వంశపారంపర్యంగా స్థిరపడింది. ఆ పిల్ల తానే ఒక వాకా అయింది. ఆమె వంశంలోని పూజారులు ఆమె గొంతుతో, పలుచని ఆడపిల్ల గొంతుతో, జనానికి పలికేవారు. ఈ విషయాలు 1621 ప్రాంతంలో ఎర్నాండెస్ ప్రిన్సిపె అనే మతాధికారి విచారణలో బయటపడ్డాయి. అంటే ఇంకా రాజ్యం పోయి దాదాపు తొంభై ఏళ్లయినా ఆమె పూజ ఆగలేదు.

ఒక పిల్ల ప్రాణంతో ఎన్ని ముళ్లు పడ్డాయో చూడండి. నాయకుడికి కుస్కో గుర్తింపు వచ్చింది. కొండ మీద కుస్కో ముద్ర పడింది. కాలువకూ భూమికీ కొత్త రక్ష దొరికింది. కుస్కోకు వెళ్లివచ్చిన దారి పొడవునా జనం చూశారు. కాగితం లేని రాజ్యంలో ఒప్పందాలను ఇలా రాసుకున్నారు.

ఇది కేవలం కథే కదా అని సందేహం వస్తే, అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని యుయాయాకో శిఖరం వైపు చూడాలి. 6,739 మీటర్ల ఎత్తున 1999లో ముగ్గురు పిల్లల దేహాలు మంచులో చెక్కుచెదరకుండా దొరికాయి. వారిలో పెద్ద అమ్మాయి వయసు సుమారు 13. ఆమె జుట్టును పరీక్షిస్తే, చనిపోవడానికి ఏడాది ముందు తిండి ఒక్కసారిగా మారినట్టు తెలిసింది. సామాన్యుల తిండి నుంచి మొక్కజొన్న, మాంసం ఎక్కువగా ఉన్న పెద్దింటి తిండికి మారింది. చివరి వారాల్లో కోకా ఆకు, చిచా బాగా పెరిగాయి. ఎన్నిక, గౌరవం, ప్రయాణం, మత్తు, మరణం అన్న వరుస లిఖిత సాక్ష్యానికీ ఆ జుట్టుకూ ఒకేలా ఉంది. ఇంకాల పాలనను "అందరి దేవుళ్లనూ గౌరవించిన సహనశీల రాజ్యం" అని రాసేవారిని నేను ఒప్పుకోలేనిది ఇందుకే.

ఈ పద్ధతి ఎక్కడ బెడిసికొట్టేది? దేవుళ్లకు నోరుంది. నోరున్న దేవుడు కాదనగలడు. 1608 ప్రాంతంలో కెచువా భాషలోనే రాసిన, హువారోచిరి అనే కొండ ప్రాంతపు వృత్తాంతంలో ఒక ఘట్టం ఉంది. కొన్ని ప్రాంతాలు ఏళ్ల తరబడి తిరుగుబాటు చేస్తుంటే, తోపా ఇంకా వాకాలందరినీ కుస్కో మైదానానికి పిలిపిస్తాడు. పల్లకీల్లో వస్తారు. "మీకు వెండి, బంగారం, బట్టలు, తిండి ఇస్తున్నాను, నా మనుషులు చస్తుంటే సాయం చేయరా? లేకపోతే అన్నీ తగలబెడతాను" అని నిలదీస్తాడు. ఎవరూ పలకరు. చివరికి పచాకమాక్, "నేను కదిలితే మీతో పాటు లోకమంతా కూలుతుంది, అందుకే ఊరుకున్నాను" అంటాడు. అప్పుడు పరియకాకా అనే పర్వతదేవుడి కొడుకు మకావిసా, "నేను వెళతాను" అని లేచి, వాన, పిడుగులతో శత్రువులను తుడిచేస్తాడు. చక్రవర్తి విందు పెట్టబోతే అదంతా వద్దని, ముల్యు అనే ముళ్ల ఆల్చిప్పలు తెమ్మని అడిగి, కరకర నమిలేస్తాడు. ఆ తర్వాత చక్రవర్తి పరియకాకా సేవకు 50 మందిని ఇచ్చి, మకావిసా కోసం తానే నాట్యం చేస్తాడు.

ఇది హువారోచిరి వారు తమ దేవుడి గొప్ప చెప్పుకున్న కథ. ఈ వృత్తాంతాలు చదివేటప్పుడు నా విద్యార్థులకు ఒక గుర్తు చెబుతాను: దేవుడు సంతోషంగా ఇంకాకు తలవంచితే ఆ కథ కుస్కోది, ఇంకా వచ్చి దేవుణ్ణి బతిమాలితే అది ఆ ఊరిది. ఇంకాల చరిత్ర రాసిన గార్సిలాసో దె లా వేగా తల్లి ఇంకా రాజవంశస్థురాలు. ఆయన రాతల్లో ఇంకాలు వెళ్లిన చోటల్లా మొరటు జనానికి సూర్యపూజ, నాగరికత నేర్పినట్టు ఉంటుంది. మీరు చదివినది బహుశా ఆ దారిన వచ్చినదే. దానికి ఎదురుగా ఇలాంటి ప్రాంతీయ కథలను పెట్టి చదివితే ఒప్పందం రెండు వైపుల నుంచీ కనిపిస్తుంది.

రాజవంశంలో చీలిక వచ్చినప్పుడు ఈ బలహీనత పూర్తిగా బయటపడింది. వాస్కర్, అతావల్పా అన్నదమ్ములు పోరాడుతున్నప్పుడు పలికే దేవుళ్లు ఒక పక్షం ఎంచుకోవలసి వచ్చింది. ఉత్తరాన వామచుకోలోని కతెకిల్ అనే ప్రసిద్ధ దేవుడు అతావల్పాకు వ్యతిరేకంగా పలికాడు. అతావల్పా స్వయంగా ఆ కొండకు వెళ్లి విగ్రహం తల నరికి, ముసలి పూజారిని చంపి, కొండకు నిప్పు పెట్టించాడు. అతని తండ్రి వైనా కాపాక్ ఇదే కతెకిల్‌ను ఎంతో ఆదరించాడు. పచాకమాక్ మీద కూడా అతావల్పాకు కోపమే. ఎండలో ఉంచితే తండ్రి కోలుకుంటాడన్నాడు, చనిపోయాడు. వాస్కర్ గెలుస్తాడన్నాడు, ఓడాడు. స్పానిష్ వారిని నువ్వు చంపుతావన్నాడు, వారి చేతికే చిక్కాను అని, కాహమార్కాలో బందీగా ఉన్నప్పుడు అతను స్పానిష్ వారితో అన్నట్టు రాశారు. పచాకమాక్ బంగారం తెచ్చుకోమని దారి చూపించింది ఆ కోపమే. కూలగొట్టలేదని పైన చెప్పిన మాటకు "అరుదైన సందర్భాలు" అని జోడించింది కతెకిల్ కోసమే.

మీ చివరి ప్రశ్నకు నా దృష్టిలో గట్టి సాక్ష్యం ఇంకాలు పోయాక దొరుకుతుంది. సూర్యుడి పొలాలు, కొట్లు, అక్ల్యాలు చేజారగానే ప్రాంతాల్లో సూర్యాలయాలు వెలవెలబోయాయి. పుంచావ్ అనే బంగారు సూర్యవిగ్రహాన్ని, స్పానిష్ వారికి లొంగని ఇంకా రాజులు విల్కబాంబా అడవుల్లో దాచి కాపాడారు. 1572లో వారిలో చివరివాడైన తూపాక్ అమారూతో పాటు అదీ పట్టుబడింది. అంతకు కొద్ది ముందు, 1560లలో, నేటి అయకుచో ప్రాంతంలో తాకి ఒంకోయ్ అనే ఉద్యమం లేచింది. వాకాలు తిరిగి లేచాయని, క్రైస్తవ దేవుణ్ణి ఓడిస్తాయని, మనుషుల ఒంట్లోకి పూని ఆడుతున్నాయని జనం నమ్మారు. ఆ వాకాల సేనకు ముందు నడిచేవారని వారు చెప్పిన పేర్లు రెండు, పచాకమాక్, టిటికాకా. కుస్కో సూర్యుడు ఆ స్థానంలో లేడు.